బఫే బల్ల మీద మిగిలేది, బల్ల మీదికి రాకుండా మిగిలేది: ఒక హోటల్ వంటగది ప్రాజెక్టు డైరీ

జూలై చివరి వారం: బకెట్లు వేరుచేశాం

మాది విజయవాడలో 96 గదుల హోటల్. గది అద్దెలోనే ఉదయం టిఫిన్ కలిసి ఉంటుంది కాబట్టి అల్పాహార బఫే మాకు ఏడాది పొడవునా ఆగని పని. ఉదయం 7 నుంచి 10:30 వరకు ఇడ్లీ, వడ, పొంగలి, ఉప్మా, పూరీ కూర, రెండు చట్నీలు, సాంబారు బల్ల మీద ఉంటాయి. దోసెలకు, గుడ్లకు విడిగా కౌంటర్లున్నాయి. బ్రెడ్డు, పండ్లు ఒక పక్కన ఉంటాయి. ఇందులో ఎంత పారేస్తున్నామని ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే: "రోజుకు రెండు డ్రమ్ములు." ఆ డ్రమ్ములో ఏముందో, అది ఏ దశలో చెత్తగా మారిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఉదయం షిఫ్టు వంటగది నా బాధ్యత కనుక ఈ పని నేనే అడిగి తీసుకున్నాను.

మొదటి పని ఒక్క డ్రమ్మును మూడుగా విడదీయడం. వంటగదిలో తరిగేటప్పుడు, మాడినప్పుడు, పొంగినప్పుడు పోయేది ఆకుపచ్చ బకెట్‌లోకి. బఫే ముగిశాక పాత్రల్లో మిగిలింది పసుపు బకెట్‌లోకి. అతిథుల ప్లేట్లలో తిరిగి వచ్చింది ఎర్ర బకెట్‌లోకి. ప్లేట్లు కడిగే చోట 30 కిలోల తూకం యంత్రం పెట్టాం. ఖాళీ బకెట్ బరువును బకెట్ మీదే పెయింట్‌తో రాయించాం. లేకపోతే ప్రతిసారీ దాన్ని తీసివేయడం ఎవరో ఒకరు మరిచిపోతారు.

పుచ్చకాయ తొక్కలు, అరటి తొక్కలు, టీ పొడి, టిష్యూ కాగితాలు ఈ మూడింటిలో ఎందులోనూ పడకూడదు. వాటికి నాలుగో డ్రమ్ము ఉంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పుచ్చకాయ పెట్టిన రోజు ఎర్ర బకెట్ బరువు అమాంతం పెరిగి, అతిథులు తిండి పారేస్తున్నారన్న అపవాదు వస్తుంది. వాళ్లు పారేసింది తొక్క. గ్లాసుల్లో మిగిలిన నీళ్లు, కాఫీ సింకులోకే వెళ్లాలి. సాంబారు, చట్నీ మాత్రం తిండే కాబట్టి బకెట్‌లోకి రావాలి.

రెండు మూడు రోజులకే షీటులో ఒక తేడా కనిపించింది. ఎర్ర బకెట్ బరువులన్నీ 10, 15, 10, 15 అని ఉన్నాయి. తూకం యంత్రం అలా గుండ్రని అంకెలు చూపించదు. ప్లేట్లు కడిగే విభాగంలో అందరికంటే పాత మనిషి అయిన అక్కను విడిగా అడిగాను. "ఎక్కువ వస్తే మమ్మల్నే అంటారు కదా సార్" అంది. ఆమె భయంలో న్యాయముంది. ఏ వంటగదిలోనైనా అంకెలు అడిగారంటే తిట్లు వెనకే వస్తాయని అందరికీ తెలుసు. అప్పటి నుంచి షీటులో పేర్లు రాయడం మానేశాం. దాన్ని బయటి గోడ నుంచి తీసి నా గదిలో పెట్టాం. బరువు ఎక్కువ వచ్చిన రోజున నేను అడగాల్సింది వంటవాళ్లను, కడిగేవాళ్లను కాదని అందరి ముందూ చెప్పాను.

సరిచూసుకోవడానికి ఒక దారి కూడా పెట్టుకున్నాం. చెత్త తీసుకెళ్లే బండి వచ్చేముందు మొత్తం డ్రమ్ములను తూస్తాం. మూడు బకెట్లు, తొక్కల డ్రమ్ము కలిపిన మొత్తానికి ఇది ఒకటి రెండు కిలోల తేడాలో ఉండాలి. అంతకంటే తేడా వస్తే ఎక్కడో తూయకుండా పారబోశారని అర్థం.

వారం చివరికి వచ్చిన సగటు ఇది: 130 మంది తిన్న రోజున తయారీలో 4 కిలోలు, కౌంటర్లో మిగిలింది 20 కిలోలు, ప్లేట్లలో మిగిలింది 14 కిలోలు. ఇన్నాళ్లూ మా సమావేశాల్లో జరిగిన చర్చంతా అతిథుల ప్లేట్ల గురించే. సగానికి పైగా వృథా అతిథి చెయ్యి తగలకముందే మా చేతుల్లో జరుగుతోంది.

ఆగస్టు: ఎంతమంది వస్తారు, ఎంత తింటారు

పాత పద్ధతి ఇలా ఉండేది. రాత్రి 11 గంటలకు రిసెప్షన్ నుంచి హోటల్లో ఉన్నవాళ్ల సంఖ్య వస్తుంది. దానికి ఐదో వంతు కలిపి, అంతమందికీ అన్నీ వండేవాళ్లం. 140 మంది ఉంటే 168 మందికి వంట. ఇందులో రెండు తప్పుడు ఊహలున్నాయి. హోటల్లో ఉన్న ప్రతివాళ్లూ టిఫిన్‌కు వస్తారన్నది మొదటిది. వచ్చిన ప్రతివాళ్లూ ప్రతి వంటకమూ తింటారన్నది రెండోది.

మొదటిదాన్ని సరిచేయడానికి రోజుల స్వభావం చూడాల్సి వచ్చింది. మామూలు పనిదినాల్లో మా గదుల్లో ఉండేది కంపెనీల మనుషులు, ఆఫీసు పనుల మీద వచ్చినవాళ్లు. వాళ్లలో కొందరు గన్నవరంలో ఉదయం విమానం ఎక్కడానికి తినకుండానే వెళ్లిపోతారు. నూరు మందిలో ఎనభై మంది వస్తారు. శని, ఆదివారాల్లో కుటుంబాలుంటాయి కాబట్టి దాదాపు అందరూ వస్తారు, అదీ 9 గంటల తర్వాతే. శ్రావణ శుక్రవారాల లెక్క పూర్తిగా వేరు. దుర్గమ్మ దర్శనానికి వచ్చినవాళ్లు తెల్లవారకముందే కొండకు వెళ్లిపోతారు. ఏమీ తినకుండా వెళ్తారు. 9:30 దాటాక ఆకలితో ఒకేసారి తిరిగి వస్తారు. ఆ రోజున 7 గంటలకు బల్ల నిండా పెడితే రెండు గంటలు అలా ఎండిపోతుంది. తీరా జనం వచ్చేసరికి దాన్ని తీసేసి కొత్తది పెట్టాల్సి వస్తుంది. ఒకే పూట రెండుసార్లు వండి ఒకసారి పారేస్తున్నామన్నమాట.

దీనికి మందు రిసెప్షన్‌లో దొరికింది. గది తాళం ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగమన్నాం: "రేపు టిఫిన్‌కు ఎన్నింటికి వస్తారండీ, దర్శనానికి ఏమైనా వెళ్తున్నారా?" జవాబును మూడు గడుల్లో ఒకదానిలో టిక్కు పెడతారు: 8 లోపు, 8 నుంచి 9:30, ఆ తర్వాత. అందరూ చెప్పరు. చెప్పినవాళ్లు కూడా మాట మీద నిలబడనక్కర్లేదు. కానీ జనం ముందు వస్తారా, చివర్లో వస్తారా అన్నది దీంతో తెలిసిపోతుంది. వంటగదికి కావలసింది అదే.

రెండో ఊహను సరిచేయడానికి వంటకం వారీగా తూశాం. వండిన బరువులోంచి కౌంటర్లో మిగిలింది తీసేసి, వచ్చినవాళ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరు సగటున ఎంత వడ్డించుకున్నారో వస్తుంది. పొంగలి 60 గ్రాములు వచ్చింది. పొంగలి పెట్టుకున్నవాళ్లు 150 గ్రాముల దాకా తింటారు గానీ, చాలామంది అసలు పెట్టుకోరు. ఇడ్లీ తలా ఒకటీ పావు వచ్చింది.

ఒక బుధవారం లెక్క పూర్తిగా రాస్తాను. హోటల్లో 140 మంది. పనిదినం కాబట్టి నూటికి ఎనభై చొప్పున 112 మంది వస్తారనుకున్నాం. తలా 60 గ్రాములంటే 6.7 కిలోల పొంగలి కావాలి. మా వంటగదిలో బియ్యం, పెసరపప్పు కలిపి కిలో వేస్తే నాలుగున్నర నుంచి ఐదు కిలోల పొంగలి అవుతుంది. అంటే కిలోన్నర సరిపోతుంది. పాత పద్ధతిలో అదే బుధవారానికి మూడు కిలోలు వేసేవాళ్లం. ఈసారి ఉదయం 6:20కి కిలో వేశాం. మిగతా అర కిలో కడిగి పక్కన పెట్టాం. 8:15కు కౌంటర్లో పాత్ర సగానికి తగ్గితే రెండో విడత కుక్కర్ పొయ్యి మీదికి వెళ్లాలన్నది నియమం. ఆ రోజు తగ్గింది, రెండో విడత వండాం. 10:30కి పాత్రలో 700 గ్రాములు మిగిలింది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఒక కాగితం. ప్రతి వంటకానికీ 'కావాలి' అన్న క్షణం నుంచి బల్ల మీదికి రావడానికి ఎంతసేపు పడుతుందో అందులో రాసుకున్నాం. ఇడ్లీ ఆవిరికి 12 నిమిషాలు. వేయించిన రవ్వ, తరిగిన ఉల్లిపాయలు, మరిగే నీళ్లు సిద్ధంగా ఉంటే ఉప్మా 12 నిమిషాలు. వడ ఒక వాయి 6 నిమిషాలు. పూరీ 3 నిమిషాలు. పొంగలి మాత్రం 30 నిమిషాలు, సాంబారు 40 నిమిషాలు. దీన్ని చూశాక అసలు విషయం తేలిపోయింది. పావుగంటలోపు వచ్చే వంటకాన్ని 'ఉంటుందిలే' అని ముందే వండి పెట్టాల్సిన అవసరమే లేదు. దాని నిల్వ పిండి రూపంలో, రవ్వ రూపంలో ఉండాలి. రుబ్బిన ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెడితే రేపటికి పనికొస్తుంది. ఉడికిన ఇడ్లీ గంట తర్వాత ఎవరికీ పనికిరాదు. ముందుచూపుతో కొంచెం ఎక్కువ వండాల్సినవి పొంగలి, సాంబారు రెండే.

జనరల్ మేనేజర్ గారికి ఒక భయం ఉంది: బల్ల బోసిగా కనిపిస్తుందని, ఎవరైనా అతిథి "అయిపోయిందా?" అని అడుగుతారని. అది తీసిపారేయాల్సిన భయం కాదు. అందుకే వృథా పక్కన ఇంకో గడి పెట్టాం. ఏ వంటకమైనా కౌంటర్లో లేకుండా ఎన్ని నిమిషాలు గడిచింది అన్నది అందులో రాయాలి. 5 నిమిషాలు దాటితే ఆ రోజు ప్రణాళిక విఫలమైనట్టే, వృథా ఎంత తగ్గినా సరే. ఈ గడి లేకుండా వృథా తగ్గించడం చాలా సులువు. సరిపడా వండకపోతే చాలు.

సెప్టెంబరు: ప్లేట్లు ఏం చెబుతున్నాయి

కౌంటరు మిగులు తగ్గడం మొదలయ్యాక ఎర్ర బకెట్ వైపు తిరిగాం. మొత్తం బరువు తెలిస్తే సరిపోదు, అందులో ఏముందో తెలియాలి. అయితే రద్దీలో ప్లేటు ప్లేటుకూ పదార్థాలు విడదీయమనడం జరిగే పని కాదు. అందుకని ఎర్ర బకెట్‌ను వారంలో రెండు రోజులు మాత్రమే మూడు చేశాం: టిఫిన్లు, చట్నీ సాంబారు, బ్రెడ్డు పండ్లు. మిగతా రోజుల్లో ఒకే బకెట్.

ప్లేట్లు కడిగే చోట నేను కూడా నిలబడ్డాను. కంటికి ఎక్కువగా కనిపించేది కొరికి వదిలేసిన పూరీలు, వడలు. తూకంలో ఎక్కువగా వచ్చింది చట్నీ. దాదాపు ప్రతి ప్లేటులోనూ ఒక గిన్నె ఉంది, గిన్నెలో సగం కొబ్బరి చట్నీ అలాగే ఉంది. అక్క ఒక గిన్నె ఎత్తి చూపించి, "ఇది ఒక్క గరిటె సార్. వాళ్లు రెండోసారి వేసుకోలేదు. ఒక్క గరిటెకే ఇంత వస్తోంది" అంది. గరిటెను నీళ్లతో నింపి కొలిచాం. 90 మిల్లీలీటర్లు. అది సాంబారు గరిటె. చట్నీకి ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరికీ గుర్తులేదు. రెండు ఇడ్లీలకు కావలసిన చట్నీ అందులో సగం కూడా ఉండదు. 40 మిల్లీలీటర్ల గరిటెలు తెప్పించాం, గిన్నెలను కూడా చిన్నవి పెట్టాం. కావాలంటే రెండోసారి వేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. చట్నీ వృథా ఆ వారమే సగానికి పడిపోయింది. వంటగదికి వచ్చే కొబ్బరికాయల సంఖ్య కూడా తగ్గింది.

పూరీలది వేరే కథ. అవి వదిలేయడానికి కారణం అతిథుల అత్యాశ కాదు. మూతపెట్టిన పాత్రలో ఆవిరికి మెత్తబడి, పది నిమిషాల్లో తోలులా సాగుతున్నాయి. ఒకసారి కొరికి పక్కన పెడుతున్నారు. దోసె కౌంటరు పక్కనే ఒక బాండీ పెట్టి, అడిగినప్పుడు వేయించి ఇవ్వడం మొదలుపెట్టాం. పూరీలు తినేవాళ్లు పెరిగారు, వదిలేసేవాళ్లు దాదాపు లేరు. ప్లేటులో మిగిలిన ప్రతిదీ 'ఎక్కువ వడ్డించుకున్నారు' అన్న లెక్కలో వేయకూడదు. ఒకే వంటకం చాలా ప్లేట్లలో ఒక్క కొరుకుతో తిరిగి వస్తే తప్పు వంటలో ఉంది. కొద్ది ప్లేట్లలో కుప్పగా తిరిగి వస్తేనే అది వడ్డన సంగతి.

ప్లేటు సైజు గురించి చాలా చర్చ జరిగింది. నార్వేలోని హోటళ్లలో చేసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. ప్లేటు చిన్నది చేసిన చోట వృథా సుమారు 20 శాతం తగ్గింది. ఎన్నిసార్లయినా వచ్చి వడ్డించుకోవచ్చని తెలిపే బోర్డు పెట్టిన చోట కూడా దాదాపు అంతే తగ్గింది. మా దగ్గర ఆ రెంటినీ యథాతథంగా తేవడం కుదరలేదు. చిన్న ప్లేటులో దోసె అంచులు దాటి బయటికి వేలాడుతుంది, సాంబారు కారిపోతుంది. అందుకని బఫే బల్ల దగ్గర 11 అంగుళాల ప్లేట్ల స్థానంలో తొమ్మిదిన్నర అంగుళాలవి పెట్టి, దోసె కౌంటరు దగ్గర పెద్ద ప్లేట్లు ఉంచాం. బోర్డు మీద 'ఆహారం వృథా చేయవద్దు' అని రాయలేదు. డబ్బు కట్టిన అతిథికి ఆ మాట చెంపమీద కొట్టినట్టుంటుంది. 'కొంచెం కొంచెంగా రుచి చూడండి, నచ్చింది మళ్లీ వడ్డించుకోండి' అని రాశాం.

సెప్టెంబరు చివర: ఇవ్వదగిన మిగులు అంటే ఏది

మొదటి నుంచీ అందరూ అడుగుతున్న ప్రశ్న: "మిగిలింది ఎవరికైనా పెట్టవచ్చు కదా?" పెట్టవచ్చు. కానీ బల్ల మీద మూడు గంటలు ఉన్న దాన్ని పెట్టకూడదు. దాని మీద వంగి మాట్లాడినవాళ్లున్నారు, ఉప్మా గరిటె పొంగలిలో పెట్టినవాళ్లున్నారు, చేత్తో ముట్టుకున్న పిల్లలున్నారు. అది ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉందో మనం చెప్పలేం. మన అతిథికి మధ్యాహ్నం వడ్డించడానికి ఒప్పుకోనిది ఆకలితో ఉన్న మనిషికి వడ్డించడానికి మాత్రం ఎలా సరిపోతుంది? మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. దానం చేసిన ఆహారం కూడా సురక్షితంగా ఉండాలన్నదే వాటి సారం.

కాబట్టి ఇవ్వదగినది ఒక్కటే: వండి, వేడిగా వంటగదిలోనే ఉండి, బల్ల మీదికి వెళ్లనిది. చిక్కేమిటంటే మా పాత పద్ధతిలో అలాంటిది మిగిలేదే కాదు. వండినదంతా పెద్ద పాత్రలకెత్తి, చివరి నిమిషం దాకా బల్ల నిండుగా ఉంచేవాళ్లం. 10:15కు కూడా 9 లీటర్ల పాత్ర అంచు దాకా నింపి పెట్టేవాళ్లు. పావుగంట తర్వాత అదంతా చెత్తే.

అందుకే చివరి 45 నిమిషాల పద్ధతి మార్చాం. 9:45 తర్వాత పెద్ద పాత్ర ఖాళీ అయితే దాని స్థానంలో సగం సైజు పాత్ర, అంటే 4 లీటర్లది పెడతాం. అందులోనూ పూర్తిగా నింపం. మిగతా సగంలో ఇంకో వంటకం ఉంటుంది కాబట్టి బల్ల బోసిగా కనిపించదు. వంటగదిలోని పొంగలి, ఉప్మా, సాంబారు 65 డిగ్రీలకు తగ్గకుండా వేడి పెట్టెలో ఉంటాయి. ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్యలో కాబట్టి, కొంచెం వెసులుబాటు కోసం 65 పెట్టుకున్నాం. 10 గంటలకు నేనో, నా తర్వాతివాళ్లో థర్మామీటర్ గుచ్చి చూసి, ఎంత ఇవ్వగలమో నిర్ణయిస్తాం.

ఎవరికి ఇవ్వాలన్నది తిండి కంటే సమయానికి సంబంధించిన ప్రశ్న. మేం మొదట మాట్లాడిన రాత్రి ఆశ్రయ కేంద్రంలో పగటిపూట ఎవరూ ఉండరు. రాత్రి 8 గంటలకు తింటారు. అక్కడ ఫ్రిజ్ లేదు. 10:30కి మిగిలిన పొంగలి వాళ్లకు ఇవ్వడం ప్రమాదం. చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో రోగుల వెంట ఉండే బంధువుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే వసతి కుదిరింది. రాత్రంతా వార్డులో కూర్చుని, డాక్టర్ల రౌండ్లు అయ్యాక 11:30 ప్రాంతంలో వాళ్లు అక్కడికి వచ్చి తింటారు. మా బఫే ముగిసే సమయానికి, వాళ్ల ఆకలి వేళకు గంటే తేడా.

పంపేవి మూడే: పొంగలి, ఉప్మా, సాంబారు. ఇడ్లీ ఉంటే వేడిగా ఉన్నవే, అదీ కొద్దిగా. కొబ్బరి చట్నీ, పెరుగు కలిసినవి, కోసిన పండ్లు, గుడ్లు, క్రీము వేసినవి ఎప్పుడూ పంపం. చట్నీ లేకుండా ఉప్మా ఏం బాగుంటుందని మా కుర్రాళ్లు బాధపడ్డారు. అందుకని సాంబారు కొంచెం ఎక్కువే పంపుతున్నాం. ప్రతి డబ్బా మీద పదార్థం పేరు, శాకాహారమని సూచించే ఆకుపచ్చ గుర్తు, వండిన సమయం, బయలుదేరినప్పటి ఉష్ణోగ్రత, 12:30 లోపు తినాలన్న మాట ఉంటాయి. 100 గ్రాముల నమూనా ఒకటి మా ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచుతాం, ఎవరికైనా అనారోగ్యం కలిగితే పరీక్షకు ఇవ్వడానికి.

"చల్లారితే అక్కడ మళ్లీ వేడిచేసుకుంటారు కదా చెఫ్" అని ఒక కుర్రాడు అడిగాడు. బియ్యంతో చేసిన పదార్థాల్లో ఆ నమ్మకం పనిచేయదు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. వాసనలో, రుచిలో తేడా తెలియదు. పొంగలి బియ్యమే. ఈ మాట చెప్పిన తర్వాత థర్మామీటర్ ఎక్కడుందని నేను వెతుక్కునే పని తగ్గింది.

ఒక రోజు పొంగలి వెనక్కి వచ్చింది. ఇక్కడ 72 డిగ్రీల దగ్గర బయలుదేరింది, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని 50 నిమిషాల తర్వాత చేరింది. అక్కడి నిర్వాహకురాలు కొలిస్తే 54 ఉంది. ఆమె వెంటనే ఫోను చేశారు. అప్పటికప్పుడు తినేస్తే దానివల్ల ప్రమాదం లేదు. కానీ ఆ రోజు డాక్టర్ల రౌండ్లు ఆలస్యమై, జనం రావడానికి ఇంకా గంటన్నర పడుతుందన్నారు. వద్దని చెప్పాను, ఆమె కూడా అదే అనుకున్నారు. విచారిస్తే కారణం ట్రాఫిక్ ఒక్కటే కాదు. వేడి నిలిపే పెట్టెను ముందుగా మరిగే నీళ్లతో పావుగంట వేడిచేయకుండానే డబ్బాలు సర్దారు. చల్లటి పెట్టె తన వంతు వేడిని పొంగలి నుంచే లాక్కుంటుంది. ఇప్పుడు పెట్టెలో నీళ్లు పోసిన సమయం కూడా షీటులో రాస్తున్నారు. అలా చేసినప్పటి నుంచి అంతే దూరానికి పొంగలి 66 డిగ్రీలకు తగ్గకుండా చేరుతోంది.

దసరా

మూలా నక్షత్రం రోజున అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటారు. ఇంద్రకీలాద్రి మీద నవరాత్రుల్లో ఎక్కువ రద్దీ ఉండే రోజుల్లో అదొకటి. మా అతిథులు అర్ధరాత్రి దాటగానే క్యూలైన్లకు బయలుదేరారు. ఎప్పుడు తిరిగి వస్తారో వాళ్లకే తెలియదు. రిసెప్షన్‌లో అడిగే ప్రశ్నకు ఆ రోజు అర్థం లేదు. అందుకని బఫే సమయం 11:30 దాకా పొడిగించి, అన్నీ చిన్న విడతలుగానే వండాం. 10 గంటలకు నలభై మంది ఒకేసారి లోపలికి వచ్చారు. ఉప్మా 9 నిమిషాలు లేకుండా పోయింది. ఆ షీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టాం. ఇలాంటి రోజులకు వేయించిన రవ్వ రెండింతలు సిద్ధంగా ఉండాలి, రెండో పొయ్యి ఉప్మాకే కేటాయించాలి. ఆ రోజు దానానికి ఏమీ మిగల్లేదు. 9:30కే ఫోను చేసి చెప్పాం.

కార్తీకం: ఇప్పుడున్న స్థితి

ఇప్పటి సగటు, మునుపటిలాగే 130 మంది తిన్న రోజుకు: తయారీలో మూడున్నర కిలోలు, కౌంటర్లో మిగిలేది 7, ప్లేట్లలో 9. తయారీ వృథా జోలికి మేం పెద్దగా పోలేదు, అది పెద్దగా తగ్గలేదు కూడా. కార్తీక సోమవారాలకు వేరే షీటు తయారైంది. ఉపవాసం ఉండేవాళ్ల వల్ల వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. గుడ్ల కౌంటరు దగ్గర ఎవరూ ఉండరు. వచ్చినవాళ్లలో చాలామంది ఉల్లి లేని ఉప్మా అడుగుతారు.

దానానికి వెళ్లే తిండి మొదట్లో రోజుకు తొమ్మిది పది కిలోలు ఉండేది. ఇప్పుడు నాలుగు కిలోలకు మించడం లేదు. కొన్ని రోజులు అసలు లేదు. ప్రణాళిక బాగుపడేకొద్దీ మిగులు తగ్గడం సహజమే. నిర్వాహకురాలు మాత్రం సూటిగా అడిగారు: "రోజూ వస్తుందని నమ్ముకోవచ్చా చెఫ్ గారూ?" నమ్ముకోవద్దని అంతే సూటిగా చెప్పాను. రోజూ 10 గంటలకు 'ఉంది' అనో 'లేదు' అనో, ఉంటే ఎన్ని కిలోలో మెసేజ్ పెడతాం. దాన్ని బట్టి వాళ్లు తమ వంట తగ్గించుకుంటారు. లేని రోజున మౌనంగా ఉండటం కంటే 'లేదు' అని చెప్పడం వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

మా సమావేశంలో ఒకరు ఇంకో మాట అన్నారు: దానం తగ్గిపోతోంది కాబట్టి రోజూ రెండు కిలోలు ఎక్కువ వేద్దామని. మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇవ్వాలన్న ఉద్దేశం ఉంటే దానికి విడిగా ఖర్చు రాసుకుని, విడిగా వండి, వాళ్లు తినే వేళకు వేడిగా పంపుదాం. కావాలని ఎక్కువ వండి దాన్ని మిగులు అని రాస్తే, నాలుగు నెలలుగా తూస్తున్న అంకెలకు అర్థం ఉండదు, ఎక్కడ ఎక్కువ వండుతున్నామో మళ్లీ తెలియకుండా పోతుంది. ఆదా అయిన కొబ్బరి, నూనె, పప్పుల ఖర్చు నుంచి వారానికి ఒక పూట భోజనం వండి పంపే ప్రతిపాదన రాసి ఇచ్చాను. మేనేజర్ గారు లెక్కలు అడిగారు. సిద్ధం చేస్తున్నాను.

తర్వాతి పని పెళ్లి విందుల హాలు. అక్కడ ఎంతమందికి వండాలో చెప్పేది మేం కాదు, పెళ్లివారు. 400 మందికి ఒప్పందం చేసుకుని, 300 మంది వస్తే మిగిలినదంతా వాళ్లు డబ్బు కట్టిన తిండే. దాన్ని ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు మాకు ఉందా అన్నది ముందు తేలాలి. బుకింగ్ కాగితంలోనే 'బల్ల మీదికి రాని మిగులును దానం చేయడానికి అంగీకరిస్తున్నాం' అన్న ఒక వాక్యం, దాని పక్కన సంతకానికి చోటు పెట్టించమని సేల్స్ విభాగాన్ని అడిగాను. విందులు రాత్రి 11 దాటాక ముగుస్తాయి. ఆ వేళకు మెలకువగా ఉండి తినేవాళ్లు ఎక్కడుంటారో ఇంకా వెతుకుతున్నాం. దొరకకపోతే మిగులును రెండు గంటల్లో 60 నుంచి 21 డిగ్రీలకు, ఆ తర్వాత 5 డిగ్రీలకు దించగల శీతలీకరణ యంత్రం కావాలి. దాని ధరల కోసం ఇద్దరు డీలర్లకు రాశాం.